కౌన్సెలర్ కావాలంటే, సైకాలజిస్ట్ కావాలంటే: డిగ్రీ తర్వాత మొదలయ్యే లెక్క

ఈ రంగంలోకి రావాలనుకునేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఏ కోర్సు చేరాలి?" అని. నా ఉద్దేశంలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీ పేరు పక్కన ఏ హోదా రాసుకోవాలనుకుంటున్నారు అన్నది. రెండోది, మీరు పనిచేయాలనుకునే చోట ఆ హోదాను ఎవరు ఇస్తారు, ఏం చూసి ఇస్తారు అన్నది. ఈ రెండూ తేలితే కోర్సు దానంతటదే తేలుతుంది. తేలకుండా చేరితే, చేతిలో ఎం.ఏ. పట్టా ఉన్నా ఆ పట్టాతో క్లయింటును చూసే అనుమతి దొరకదని ఆలస్యంగా తెలుస్తుంది. పట్టాకూ లైసెన్సుకూ మధ్య పర్యవేక్షణలో చేసే పని ఒకటుంది. సైకాలజీ వృత్తిలో ఎక్కువమంది తడబడేది అక్కడే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మొదటి అడుగు: హోదా నిర్ణయించుకోండి

మందులు రాయాలనుంటే మీ దారి వైద్య విద్య, ఆపైన సైకియాట్రీ. అది వేరే ప్రయాణం కాబట్టి ఇక్కడ దాని జోలికి పోను. మిగిలినవి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి కౌన్సెలర్ లేదా థెరపిస్టు దారి. ఇందులో ప్రధానమైన పని మాటల ద్వారా చికిత్స. రెండోది క్లినికల్ సైకాలజిస్టు దారి. ఇందులో చికిత్సతోపాటు మానసిక పరీక్షలు నిర్వహించడం, తెలివితేటలు, జ్ఞాపకశక్తి, వ్యక్తిత్వం వంటివి అంచనా వేసి నివేదిక రాయడం కూడా ఉంటాయి. కోర్టుకో పాఠశాలకో ఆసుపత్రికో నివేదికలు రాసే పని మీకు నచ్చుతుందా లేదా అన్నదే ఈ రెండింటిలో ఎటు వెళ్లాలో తేల్చడానికి మంచి గీటురాయి. గదిలో మనిషితో కూర్చుని మాట్లాడటమే మీకు కావలసింది అయితే, అందుకోసం డాక్టరేట్ దాకా వెళ్లడం అనవసరమైన ఖర్చు కావచ్చు.

హోదాకు చట్టం ఇచ్చే రక్షణ దేశాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో 'సైకాలజిస్ట్' అన్న పదమే చట్టం కాపాడే హోదా. రిజిస్ట్రేషన్ లేనివారు అది వాడుకోకూడదు. బ్రిటన్‌లో 'క్లినికల్ సైకాలజిస్ట్', 'కౌన్సెలింగ్ సైకాలజిస్ట్' వంటి హోదాలకు రక్షణ ఉంది. కానీ విడిగా 'సైకాలజిస్ట్' అన్న మాటకూ, 'కౌన్సెలర్', 'సైకోథెరపిస్ట్' అన్న మాటలకూ చట్టపరమైన రక్షణ లేదు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాలు ఇస్తాయి. భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టులు పునరావాస మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. మిగతా సైకాలజిస్టులనూ కొన్ని రకాల కౌన్సెలర్లనూ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది.

రక్షణ లేని హోదాతో రేపే బోర్డు పెట్టుకోవచ్చు కదా అనిపించవచ్చు. పెట్టుకోవచ్చు. అయితే అటువంటి చోట్ల ఉద్యోగమిచ్చే సంస్థలు, క్లయింట్లను పంపే వైద్యులు ఏదో ఒక వృత్తి సంఘం గుర్తింపు అడుగుతారు. చట్టం అడగకపోయినా మార్కెట్ అడుగుతుంది.

రెండో అడుగు: చివరి నుంచి మొదటికి లెక్కించండి

లైసెన్సు ఇచ్చే మండలి నిబంధనలు ముందు చదివి, ఆ తర్వాతే విశ్వవిద్యాలయాల బ్రోషర్లు చదవండి. నిబంధనల్లో మూడు విషయాలు వెతకాలి. ఏ డిగ్రీ, ఎవరి గుర్తింపు ఉన్న కోర్సు అన్నది ఒకటి. డిగ్రీలోపల ఎన్ని గంటలు, డిగ్రీ తర్వాత ఎన్ని గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి అన్నది రెండు. ఆ గంటలు ఎంతకాలం చెల్లుతాయి అన్నది మూడు. మూడోది చాలామంది చదవరు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

కొన్ని దేశాలు ఎలా అడుగుతాయో చూస్తే ఈ రంగం స్వరూపం తెలుస్తుంది. అమెరికాలో కౌన్సెలర్‌కు మాస్టర్స్ డిగ్రీ కావాలి. అక్కడి ప్రధాన గుర్తింపు సంస్థ ప్రమాణాల ప్రకారం అది 60 సెమిస్టర్ క్రెడిట్ల కోర్సు. అందులో భాగంగా 100 గంటల ప్రాక్టికమ్ అనే తొలి దశ ప్రాక్టికల్ శిక్షణ, 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. డిగ్రీ తర్వాత చాలా రాష్ట్రాలు మరో 2,000 నుంచి 4,000 గంటల పని అడుగుతాయి. అదే దేశంలో సైకాలజిస్ట్ కావాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ డాక్టరేట్ తప్పనిసరి. అందులో ఒక ఏడాది పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అనేక రాష్ట్రాల్లో డాక్టరేట్ తర్వాత మరో ఏడాది పర్యవేక్షణలో పని, ఆపైన జాతీయ స్థాయి పరీక్ష కూడా ఉంటాయి.

బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజిస్టుకు మూడేళ్ల డాక్టరేట్ శిక్షణ. ఇంగ్లండ్‌లో ఆ శిక్షణ పొందేవారు ప్రభుత్వ ఆరోగ్య సేవలో జీతం తీసుకునే ఉద్యోగులు కూడా. అందుకే సీట్ల కోసం పోటీ విపరీతం. డిగ్రీ అయ్యాక సహాయ సైకాలజిస్టుగా కొన్నేళ్లు పనిచేసి, ఒకటికి రెండుసార్లు దరఖాస్తు చేసుకునేవారు కనిపిస్తారు. దారి మూడేళ్లే అని కాగితం మీద ఉన్నా, ఆ దారి మొదట్లోకి చేరడానికి పట్టే కాలం ఎక్కడా రాసి ఉండదు. అక్కడే కౌన్సెలర్ల పెద్ద వృత్తి సంఘం గుర్తింపు కోర్సుల్లో కనీసం 100 గంటలు క్లయింట్లతో పనిచేయాలి. ఉన్నత గుర్తింపుకు కనీసం 450 గంటలు చూపించాలి.

ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల సైకాలజీ చదువు మీద రెండేళ్ల మాస్టర్స్ చేయవచ్చు. లేదా ఐదో ఏడాది వృత్తి శిక్షణ కోర్సు చేసి, ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయవచ్చు. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టుకు పోస్టుగ్రాడ్యుయేషన్ తర్వాత రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్‌ను ప్రస్తావిస్తుంది. అందులో పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణ ఉండాలి. సాధారణ ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ సైకాలజీతో ఆ హోదా రాదు. దూరవిద్యలో చదివినవారికి ఈ విషయం ఆలస్యంగా తెలిసినప్పుడు కలిగే బాధ అంతా ఇంతా కాదు.

ఇన్ని దేశాల్లోనూ ఒక్కటి మారదు: పుస్తక జ్ఞానానికి పట్టా ఇస్తారు, ఎవరో ఒక అనుభవజ్ఞుడి కళ్లముందు పనిచేసినందుకు లైసెన్సు ఇస్తారు.

మూడో అడుగు: పర్యవేక్షణ గంటలను నిజంగా లెక్కపెట్టండి

"3,000 గంటలు అంటే రెండేళ్లు" అని అందరూ అనుకుంటారు. ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. కాలిఫోర్నియాలో క్లినికల్ కౌన్సెలర్ లైసెన్సుకు మాస్టర్స్ తర్వాత 3,000 గంటల అనుభవం కావాలి. కనీసం 104 వారాల పర్యవేక్షణ ఉండాలి. వారానికి 40 గంటలకు మించి లెక్కలోకి రావు. ఇక్కడిదాకా చూస్తే రెండేళ్లే. అయితే ఆ 3,000లో కనీసం 1,750 గంటలు క్లయింటుతో నేరుగా చేసిన కౌన్సెలింగ్ అయి ఉండాలి. నోట్సు రాయడం, శిక్షణ తరగతులు, సమావేశాలు మిగతా గంటల్లోకి వెళ్తాయి.

ఇప్పుడు పూర్తికాలం పనిచేసే ఒక అభ్యర్థిని తీసుకుందాం. వారానికి 20 సెషన్లు కేటాయించారనుకోండి. ఆఖరి నిమిషంలో మానుకునేవారు, చెప్పకుండా రానివారు పోగా నికరంగా జరిగేవి 16 అనుకుందాం. 1,750ని 16తో భాగిస్తే దాదాపు 110 వారాలు. సెలవులు, పండుగలు, జ్వరాలు తీసేస్తే ఏడాదిలో పని జరిగే వారాలు 46 అనుకోండి. అంటే రెండేళ్ల ఐదు నెలలు. ఇది అన్నీ సవ్యంగా సాగినప్పుడు.

అదే వ్యక్తి మరో ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఎనిమిది సెషన్లే చేయగలిగితే 219 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. వారానికి ఐదే అయితే 350 వారాలు, ఏడున్నరేళ్లకు పైనే. ఇక్కడే ఇందాక చెప్పిన మూడో నిబంధన అడ్డం వస్తుంది. ఆ రాష్ట్రంలో లైసెన్సు దరఖాస్తుకు ముందు ఆరేళ్లలో సంపాదించిన గంటలే చెల్లుతాయి. ఏడో ఏడాది వచ్చేసరికి మొదటి ఏడాది గంటలు కొట్టుకుపోతుంటాయి. ఆ వేగంతో ఆ మనిషి ఎన్నటికీ పూర్తి చేయలేడు. నెమ్మదిగానైనా చేరుకుంటాం అనే మాట ఇక్కడ పనిచేయదు. కనీస వేగం ఒకటి ఉంది, అది వారానికి ఆరు ఏడు సెషన్లు. మీరు వెళ్లదలచిన చోటి అంకెలతో ఇదే భాగహారం చేసి చూడండి. మొత్తం గంటలను కాదు, నేరుగా క్లయింటుతో గడిపే గంటలను పట్టుకుని లెక్కించండి. ఆలస్యం చేసేది అవే.

కాబట్టి పర్యవేక్షణలో ఉద్యోగం వెతుక్కునేటప్పుడు జీతం కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది: "వారానికి నాకు ఎన్ని సెషన్లు వస్తాయి? పోయిన ఏడాది ఇదే స్థానంలో ఉన్నవారికి నిజంగా ఎన్ని జరిగాయి?" కొన్ని సంస్థల్లో కొత్తవారిని ఫోన్లు ఎత్తడానికీ ఫారాలు నింపడానికీ వాడుకుంటారు. అక్కడ మొత్తం గంటలు ఇట్టే నిండుతాయి. అసలైన గంటలు మాత్రం ఎంతకీ కదలవు.

పర్యవేక్షణ అంటే సంతకం పెట్టించుకోవడం కాదు. మంచి పర్యవేక్షకులు సెషన్ రికార్డింగు అడుగుతారు, అదీ క్లయింటు లిఖిత అనుమతితోనే. అందులో పది నిమిషాలు వింటారు. ఉదాహరణకు, ఒక రికార్డింగులో ఒక యువతి తన తండ్రి మరణం గురించి చెబుతూ ఆగిపోయింది. నాలుగు సెకన్లు గడవకముందే శిక్షణలో ఉన్న కౌన్సెలర్, "కాలమే గాయాలు మాన్పుతుందండీ" అన్నారు. పర్యవేక్షకురాలు అక్కడ ఆపి, "ఆ నిశ్శబ్దం ఎవరికి భరించరానిదైంది? ఆమెకా, మీకా?" అని అడుగుతారు. ఇలాంటి ప్రశ్న పాఠ్యపుస్తకంలో దొరకదు. పర్యవేక్షణ గంటలో మీ పర్యవేక్షకులు రికార్డింగు వినకుండా, కేసు వివరాలు మీ నోటి నుంచి మాత్రమే విని తలూపుతుంటే, మీరు చెప్పని తప్పులు వారికి ఎప్పటికీ తెలియవు.

కాగితాల విషయంలో మాత్రం నిర్దాక్షిణ్యంగా ఉండండి. మొదటి రోజుకు ముందే పర్యవేక్షకుల లైసెన్సు ప్రస్తుతం చెల్లుబాటులో ఉందో లేదో, వారికి పర్యవేక్షించే అర్హత ఉందో లేదో మండలి వెబ్‌సైటులో చూడండి. గంటల పట్టికపై వారం వారం సంతకం తీసుకోండి. ఏడాది చివర ఒకేసారి తీసుకుందాం అనుకుంటే, ఈలోగా ఆ పర్యవేక్షకులు ఉద్యోగం మారవచ్చు, విదేశాలకు వెళ్లవచ్చు, మీతో మాట పట్టింపు రావచ్చు. సంతకం లేని గంట జరగని గంటతో సమానం. ప్రతి పట్టికకూ ఒక నకలు మీ ఇంట్లో ఉండాలి. సంస్థ మూతపడినా మీ గంటలు మిగలాలి.

నాలుగో అడుగు: ఆ రెండు మూడేళ్లు ఎలా బతకాలో ముందే తేల్చుకోండి

పర్యవేక్షణ దశలో ఆదాయం లైసెన్సు ఉన్నవారికంటే తక్కువ. కొన్ని చోట్ల, ముఖ్యంగా స్వచ్ఛంద సంస్థల్లో, అసలు జీతమే ఉండదు. పైగా సంస్థ సొంతంగా పర్యవేక్షకులను ఇవ్వకపోతే బయట డబ్బు కట్టి పెట్టుకోవాలి. కాలిఫోర్నియా వంటి చోట్ల ఈ దశలో ఉన్నవారు క్లయింటు దగ్గర నేరుగా ఫీజు తీసుకోకూడదు. ఉద్యోగిగా జీతం తీసుకోవాలి, లేదా స్వచ్ఛందంగా చేయాలి. కాబట్టి 'చిన్నగా సొంత ప్రాక్టీసు మొదలుపెట్టి గంటలు నింపుకుంటాను' అన్న ఆలోచన అక్కడ చట్టవిరుద్ధం.

ఇద్దరు ఉద్యోగమిస్తామన్నారనుకోండి. ఒకరు కాస్త ఎక్కువ జీతం ఇచ్చి వారానికి తొమ్మిది సెషన్లు ఇస్తున్నారు. మరొకరు తక్కువ జీతంతో పదహారు సెషన్లూ సొంత పర్యవేక్షణా ఇస్తున్నారు. మొదటి చోట 1,750 గంటలకు నాలుగేళ్లు దాటుతుంది, రెండో చోట రెండున్నరేళ్లలోపే. దాదాపు రెండేళ్ల లైసెన్సు జీతాన్ని వదులుకుని ఆ కొద్దిపాటి తేడా తీసుకోవడం నాకు సమంజసంగా తోచదు.

ఐదో అడుగు: ఆదాయాన్ని ఫీజుతో కాక నికరంతో కొలవండి

ఉద్యోగాల జీతాలు దేశం దేశానికీ మారతాయి. రెండు దారుల మధ్య తేడా తెలియడానికి అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కలు ఉపయోగపడతాయి. 2024 మే నాటికి అక్కడ సైకాలజిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 94,310 డాలర్లు. వివాహ, కుటుంబ థెరపిస్టులది 63,780. మానసిక ఆరోగ్య, వ్యసన విముక్తి కౌన్సెలర్లది 59,190. మధ్యస్థం అంటే సగంమందికి అంతకంటే తక్కువ అని మరిచిపోవద్దు. కౌన్సెలర్‌తో పోలిస్తే సైకాలజిస్టుకు ఒకటిన్నర రెట్లకు పైగా వస్తోంది కదా అని తొందరపడవద్దు. డాక్టరేట్‌కు ఐదారేళ్లు, ఆపైన మరో ఏడాది పోతుంది. పరిశోధన డాక్టరేట్లలో చాలావాటికి ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. వృత్తి డాక్టరేట్లు ఎక్కువగా అప్పుతో చదివేవే. ఈ రెంటికీ వచ్చే లైసెన్సు ఒకటే, మిగిలే అప్పు మాత్రం వేరు. పరిశోధన సీటు దొరకక, భారీ అప్పుతో రెండోదానిలో చేరేముందు, మాస్టర్స్ స్థాయి లైసెన్సుతో అదే గదిలో అదే పని చేయవచ్చేమో చూడండి.

సొంత ప్రాక్టీసు విషయానికొస్తే, చాలామంది గంట ఫీజును నలభైతో, దాన్ని యాభై రెండు వారాలతో గుణించి ఆకాశానికి నిచ్చెనలు వేస్తారు. లెక్క అలా ఉండదు. డబ్బు అంకెల బదులు 'ఒక ఫీజు' అన్నదాన్నే కొలతగా తీసుకుని చూద్దాం, అప్పుడు ఏ దేశానికైనా వర్తిస్తుంది. బాగా నిలదొక్కుకున్న ప్రాక్టీసులో వారానికి నికరంగా 20 సెషన్లు, ఏడాదికి 44 వారాలు జరుగుతాయనుకోండి. మొత్తం 880 ఫీజులు. గది అద్దె, వృత్తి బీమా, సాఫ్ట్‌వేరు, నిరంతర శిక్షణ, సలహా పర్యవేక్షణ, అకౌంటెంటు ఖర్చులకు 264 పోయాయనుకుందాం. మిగిలేవి 616, అదీ పన్ను కట్టకముందు.

ఇరవై సెషన్లంటే ఇరవై గంటల పని కాదు. నోట్సు, ఫోన్లు, బిల్లులు, కొత్తవారి విచారణలు కలిపితే వారానికి 32 గంటలు అవుతుంది. ఏడాదికి 1,408 గంటలు. 616ను దానితో భాగిస్తే, పనిచేసిన ఒక్కో గంటకు మీకు దక్కేది ఫీజులో దాదాపు 44 శాతం. బోర్డు మీద రాసిన ఫీజులో సగం కూడా కాదు. ఇరవైమందిలో నలుగురికి సగం ఫీజుకే చూస్తానంటే, అది మంచి పనే, ఇంకో 88 ఫీజులు తగ్గి 528 మిగులుతాయి. ఆ సాయాన్ని మీరు భరించగలరో లేదో ముందే తెలిసి ఉండటం మంచిది. మధ్యలో ఫీజు పెంచవలసి వస్తే నష్టపోయేది ఆ క్లయింటే.

మొదటి ఏడాది ఇంకా కఠినం. వారానికి సగటున తొమ్మిది సెషన్లే జరిగాయనుకుంటే 396 ఫీజులు వస్తాయి. ఖర్చులు మాత్రం సెషన్లతోపాటు సగానికి పడిపోవు. అద్దె, బీమా అలాగే ఉంటాయి. ఖర్చు 200కు తగ్గిందనుకున్నా మిగిలేది 196. నిలదొక్కుకున్న ఏడాదితో పోలిస్తే మూడో వంతు కూడా లేదు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. క్లయింట్లు శాశ్వతంగా ఉండరు, ఉండకూడదు కూడా. సగటున ఒక్కొక్కరు ఎనిమిది సెషన్లు వస్తే, ఏడాదికి 880 సెషన్లు నిండాలంటే 110 మంది కొత్తవారు కావాలి, అంటే పనిచేసే ప్రతి వారం ఇద్దరు ముగ్గురు. ఒక్కొక్కరు 20 సెషన్లు ఉండే తరహా చికిత్స అయితే 44 మంది చాలు. కాబట్టి మీరు ఎంచుకునే చికిత్సా పద్ధతి మీ ఆదాయ స్థిరత్వాన్ని కూడా నిర్ణయిస్తుంది. ఆందోళన, నిద్రలేమి వంటి సమస్యలకు తక్కువ సెషన్ల పద్ధతిలో పనిచేసేవారికి వైద్యుల నుంచి నిత్యం కొత్తవారు రావాలి. దీర్ఘకాలిక చికిత్స చేసేవారికి అంత ఒత్తిడి ఉండదు. అయితే వారి క్లయింట్లలో ఒకేసారి నలుగురు చికిత్స ముగించిన నెల మాత్రం ఖాళీగా కనిపిస్తుంది.

ఈ కారణాలవల్లే అనుభవమున్నవారిలో చాలామంది వారంలో రెండు మూడు రోజులు ఆసుపత్రిలోనో కళాశాలలోనో జీతానికి పనిచేసి, మిగతా రోజులు సొంత క్లయింట్లను చూస్తారు. స్థిర ఖర్చులకు జీతం సరిపోతుంది, ఫీజు ఎవరికి తగ్గించాలన్న స్వేచ్ఛ ప్రాక్టీసులో మిగులుతుంది. ఈ ఏర్పాటు కావాలనుకుంటే ఉద్యోగ ఒప్పందంలో బయటి ప్రాక్టీసును నిషేధించే షరతు ఉందేమో సంతకానికి ముందే చదవండి. ఆ సంస్థలో చూసిన క్లయింటును మీ సొంత గదికి తీసుకెళ్లడాన్ని అడ్డుకునే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది.